అపరాధ క్రియ - అపరాధ మనస్సు

పాఠ్యభాగ పరిచయం

ఒక మనిషి చేతిలో మరొక మనిషి మరణించాడు. అంతమాత్రం చేత మొదటివాడు హంతకుడా? లోకం వెంటనే అవునంటుంది. న్యాయస్థానం మాత్రం రెండు ప్రశ్నలు వేస్తుంది. అతడు ఏమి చేశాడు? చేసిన ఆ క్షణంలో అతని మనస్సులో ఏమి ఉంది? ఈ రెండు ప్రశ్నల మధ్య సంబంధాన్ని, 1919లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ఆధారంగా ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

నేరమనే దానికి శరీరం, మనస్సు అనే రెండు భాగాలు ఉన్నాయని న్యాయశాస్త్రం చెబుతుంది. బయటికి కనిపించే చేష్ట దాని శరీరం. దీనిని లాటిన్ భాషలో ‘ఆక్టస్ రియస్’ అంటారు. తెలుగులో ‘అపరాధ క్రియ’ అనవచ్చు. ఆ చేష్ట వెనుక ఉన్న దోషపూరితమైన ఉద్దేశమో, ఫలితం ఇలా ఉంటుందన్న ఎరుకో దాని మనస్సు. దీనిని ‘మెన్స్ రియా’ అంటారు. ఇదే ‘అపరాధ మనస్సు’. మనస్సు దోషపూరితం కానిదే కేవలం క్రియ మనిషిని దోషిని చేయదన్న సూత్రం ఆంగ్ల న్యాయశాస్త్రంలో శతాబ్దాలుగా ఉంది. పదిహేడవ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయకోవిదుడు దానిని తన గ్రంథంలో పొందుపరిచాడు.

మన దేశంలో 1860 నాటి భారత శిక్షాస్మృతి ఈ సూత్రాన్ని వేరుగా ఒక సెక్షనులో చెప్పలేదు. ప్రతి నేరం నిర్వచనంలోనే దానికి కావలసిన మనస్థితిని చేర్చింది. దొంగతనానికి ‘వంచనబుద్ధితో’, నరహత్యకు ‘మరణం కలిగించే ఉద్దేశంతో’ అన్నట్లుగా ఆ పదాలు నిర్వచనంలోనే కనిపిస్తాయి. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. అందుచేత ఏ సంఘటననైనా విచారించేటప్పుడు ముందుగా నిర్వచనాన్ని తెరవాలి. అది కోరే క్రియ ఏది, అది కోరే మనస్సు ఏది అని విడదీసుకోవాలి. ఆ తరువాతనే జరిగిన సంగతిని దానితో సరిచూడాలి.

ఒక చిన్న సన్నివేశం

ఒక కళాశాల సైకిలు స్టాండులో ఒకే రంగు, ఒకే నమూనా గల సైకిళ్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. సాయంకాలం చీకటి పడుతున్న వేళ ఒక విద్యార్థి తాళం వేయని సైకిలును తనదే అనుకొని ఇంటికి తీసుకుపోయాడు. ఇది దొంగతనమా?

దొంగతనం నిర్వచనం కోరే క్రియ ఒకటే. ఇతరుని స్వాధీనంలో ఉన్న చరాస్తిని అతని సమ్మతి లేకుండా కదిలించడం. సైకిలు రెండడుగులు కదిలినా ఆ క్రియ పూర్తవుతుంది. ఈ విద్యార్థి దానిని ఇంటిదాకా కదిలించాడు. కనుక క్రియ ఉంది. అయితే కదిలించే వేళ ఇతరుని సొత్తును అపహరించాలన్న వంచనబుద్ధి అతనికి లేదు. తన వస్తువును తాను తీసుకుపోతున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. మనస్సు లేనందువల్ల ఇది దొంగతనం కాదు.

కథ ఇక్కడితో ఆగలేదనుకుందాం. మరునాడు సైకిలు సీటు కింద మరొక విద్యార్థి పేరున్న గ్రంథాలయ కార్డు కనబడింది. పొరపాటు తెలిసింది. అయినా అతడు కార్డును చించివేసి, సైకిలుకు రంగు మార్చి అంగడిలో అమ్మివేశాడు. ఇప్పుడు మనస్సు దోషపూరితమైంది. అయినప్పటికీ ముందునాటి కదిలింపు వెనక్కు వెళ్లి దొంగతనంగా మారదు. తీసుకొన్న క్షణంలో లేని బుద్ధిని తరువాత వచ్చిన బుద్ధి పూరించలేదు. అలాగని అతడు తప్పించుకోలేడు. తెలిసి కూడా ఇతరుని సొత్తును సొంతానికి వాడుకోవడం వేరొక నేరం. చరాస్తిని వంచనబుద్ధితో సొంతం చేసుకోవడం అని దానికి పేరు. న్యాయ సంహితలో అది 314వ సెక్షను. ఆ నేరానికి కావలసిన క్రియ, మనస్సు రెండూ అమ్మిన రోజున కలిశాయి.

ఈ సన్నివేశం నేర్పేది ఒక్క మాట. క్రియ, మనస్సు విడివిడిగా ఉంటే చాలదు. అవి ఒకే కాలంలో కలవాలి. ఈ నియమం సైకిలు విషయంలో సులభంగానే తోస్తుంది. మనిషి ప్రాణం విషయంలో అదే నియమం ఎంత కఠినంగా పరిణమిస్తుందో పళని గౌండన్ కేసు చూపింది.

పళని గౌండన్ కేసు

భార్యాభర్తల మధ్య కలహం జరిగింది. కోపోద్రేకంలో భర్త నాగటి కర్రుతో భార్య తలపై కొట్టాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది. ఆమె చనిపోయిందని అతడు నమ్మాడు. నేరం తన మీదికి రాకుండా, ఆమె ఉరి వేసుకొని ఆత్మహత్య చేసుకొన్నదని లోకాన్ని నమ్మించదలిచాడు. ఆమె మెడకు తాడు బిగించి ఇంటి దూలానికి వేలాడదీశాడు. కాని ఆమె అప్పటికి ప్రాణాలతోనే ఉంది. తల మీది దెబ్బ వల్ల కాక, ఉరి బిగియడం వల్ల ఆమె మరణించిందని వైద్య సాక్ష్యం తెలిపింది.

ఆమె మరణానికి అతని చేతులే కారణం. ఆ విషయంలో సందేహం లేదు. అయితే అతడు చేసినది ఏ నేరం? ఈ ప్రశ్న మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ముందుకు వచ్చింది.

ఇందులో ఉన్న రెండు ఘట్టాలను విడదీసి చూడాలి. మొదటి ఘట్టం కర్రుతో కొట్టడం. అప్పుడు అతని మనస్సులో గాయపరచాలన్న ఉద్దేశం ఉంది. చంపాలన్న ఉద్దేశం గాని, ఈ దెబ్బతో మరణం సంభవించవచ్చునన్న ఎరుక గాని ఉన్నట్లు రుజువు కాలేదు. పైగా ఆ దెబ్బ మరణాన్ని కలిగించలేదు. రెండవ ఘట్టం ఉరి వేయడం. మరణాన్ని కలిగించిన క్రియ ఇదే. కాని ఈ సమయంలో తన ఎదుట ఉన్నది శవమని అతని నమ్మకం. శవాన్ని చంపాలని ఎవరూ తలచరు. అతని మనస్సులో ఉన్నది సాక్ష్యాన్ని మార్చాలన్న కపటమే తప్ప, బ్రతికి ఉన్న మనిషి ప్రాణం తీయాలన్న సంకల్పం కాదు.

ఈ విధంగా మొదటి ఘట్టంలో చంపే మనస్సు లేదు, చంపిన క్రియ లేదు. రెండవ ఘట్టంలో చంపిన క్రియ ఉంది, చంపే మనస్సు లేదు. నరహత్య నిర్వచనం కోరే ఉద్దేశం ఏ ఘట్టంలోనూ క్రియతో కలవలేదు. కనుక అతడు హత్యా నేరానికి గాని, హత్యకు తక్కువైన నరహత్యా నేరానికి గాని దోషి కాడని న్యాయస్థానం నిర్ణయించింది. అయితే అతనిని నిర్దోషిగా విడిచిపెట్టలేదు. తలపై కొట్టి తీవ్రమైన గాయం కలిగించిన నేరానికి శిక్షార్హుడని తీర్పు చెప్పింది. ఆ నేరానికి తగిన క్రియ, మనస్సు మొదటి ఘట్టంలో కలిసే ఉన్నాయి.

ఈ తీర్పు చదివిన వారికి మనస్సు చివుక్కుమనడం సహజం. ఒక స్త్రీ ప్రాణం పోయింది, హత్య లేదన్నారు. కాని న్యాయస్థానం ఆమె ప్రాణాన్ని తక్కువ చేయలేదు. రుజువైన మనస్సుకు మించిన నేరాన్ని ముద్దాయి తలపై మోపడానికి నిరాకరించింది.

నియమానికి హద్దు

ఈ తీర్పును ఆసరా చేసుకొని ప్రతి హంతకుడూ ‘శవమనుకొన్నాను’ అని తప్పించుకోవచ్చునా? 1954లో ప్రివీ కౌన్సిలు ఎదుటికి వచ్చిన థాబో మెలీ కేసు దీనికి సమాధానం చెప్పింది. ఇది నేడు లెసోతోగా పిలువబడుతున్న ఆఫ్రికా దేశంలో జరిగింది. కొందరు ముందుగా పథకం వేసుకొని ఒక వ్యక్తిని గుడిసెకు రప్పించారు. అతనికి మద్యం తాగించి తలపై కొట్టారు. చనిపోయాడనుకొని ఒక కొండచరియ నుంచి కిందికి దొర్లించి, ప్రమాదవశాత్తు పడినట్లు కనిపించేలా చేశారు. నిజానికి అతడు దెబ్బ వల్ల చనిపోలేదు. కింద ఆరుబయట పడి ఉండి, ఆ చలిలో తరువాత మరణించాడు.

కొట్టేటప్పుడు మనస్సు ఉంది గాని దాని వల్ల మరణం రాలేదు, మరణం వచ్చిన క్రియ సమయంలో శవమనుకొన్నాము అని ముద్దాయిలు వాదించారు. ప్రివీ కౌన్సిలు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. కొట్టడం, దొర్లించడం ఒకే పథకంలోని భాగాలనీ, వాటిని ముక్కలుగా విడదీయరాదనీ చెప్పి హత్యా నేరాన్ని ఖాయం చేసింది.

పైకి రెండు కేసులూ ఒకటిగానే కనిపిస్తాయి. రెండింటిలోనూ దెబ్బ, స్పృహ తప్పడం, శవమన్న భ్రమ, కప్పిపుచ్చే ప్రయత్నం ఉన్నాయి. తేడా మొదటి దెబ్బ వెనుక ఉన్న మనస్సులో ఉంది. థాబో మెలీ కేసులో చంపాలన్న సంకల్పం మొదటి నుంచీ ఉంది. అది నెరవేరేదాకా సాగిన క్రియలన్నీ ఒకే క్రియగా లెక్కకు వచ్చాయి. పళని గౌండన్ కేసులో ఆ సంకల్పం ఏ క్షణంలోనూ రుజువు కాలేదు. లేని సంకల్పాన్ని ఎన్ని క్రియలను కలిపినా సృష్టించలేము.

ఇక మనస్సు కంటికి కనబడదు. దానిని న్యాయస్థానం పరిస్థితుల నుంచే ఊహిస్తుంది. వాడిన ఆయుధం, కొట్టిన అవయవం, దెబ్బల సంఖ్య, ముందు పలికిన మాటలు, చేసుకొన్న సన్నాహం దానికి ఆధారాలు. క్షణికమైన కలహంలో చేతికందిన వస్తువుతో వేసిన ఒక దెబ్బకూ, పథకం ప్రకారం పిలిచి మద్యం తాగించి వేసిన దెబ్బకూ గల భేదం అక్కడే తేలుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

చరాస్తి : ఒకచోటి నుంచి మరొక చోటికి కదిలించగల సొత్తు
వంచనబుద్ధి : మోసపు తలంపు
ముద్దాయి : నేరం మోపబడిన వ్యక్తి
సంకల్పం : దృఢమైన ఉద్దేశం
నాగటి కర్రు : నాగలికి అమర్చే ఇనుప మొన
ఫుల్ బెంచి : ముగ్గురు లేక అంతకు మించిన న్యాయమూర్తుల ధర్మాసనం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్న

1. పళని గౌండన్, థాబో మెలీ కేసుల మధ్య పోలికలను, భేదాన్ని వివరించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సైకిలును పొరపాటున తీసుకుపోయిన విద్యార్థి ఎందుకు దొంగ కాడు?
2. ముద్దాయి మనస్సును న్యాయస్థానం ఏ ఆధారాలతో నిర్ణయిస్తుంది?

ఇ. అన్వయం

ఒక ప్రయాణికుడు బస్సు దిగుతూ తన సంచి అనుకొని పక్కవారి సంచిని తీసుకున్నాడు. బస్సు కదిలిన తరువాత పొరపాటు గ్రహించి, సంచిలోని డబ్బు వాడుకున్నాడు. క్రియ ఏది, మనస్సు ఎప్పుడు కలిగింది, అవి రెండూ ఎక్కడ కలిశాయి అన్న మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానం రాసి, అతడు చేసిన నేరం ఏదో నిర్ణయించండి.