ఈ-క్రాప్ తప్పు పట్టుకున్నాక ఏం రాయాలి?

తుళ్లూరు వైపు పత్తి, మిర్చి చేలల్లో పంట నమోదు నడిచే రోజుల్లో వ్యవసాయ అధికారికి ఊపిరి సలపదు. ఆ తొందరలో గ్రామ వ్యవసాయ సహాయకురాలికి ఇలాంటి సందేశం వెళ్లిందనుకుందాం:

"మీకు బాధ్యత అంటూ ఉందా? ఈ-క్రాప్‌లో ఎప్పుడూ తప్పులే. రైతులంతా తిడుతున్నారు. ఇంకోసారి ఇలా జరిగితే మెమో ఇస్తా."

ఇది చదివిన అమ్మాయికి సార్ కోప్పడ్డారని అర్థమవుతుంది. ఏ పొలంలో ఏం సరిచేయాలో మాత్రం తెలియదు. "ఎప్పుడూ", "అంతా" అనే మాటల వెనక ఎన్ని పొలాలు ఉన్నాయో రాసేవాళ్లు ముందు లెక్కపెట్టుకోవాలి. తీరా చూస్తే నాలుగే ఉండొచ్చు. అప్పుడు ఉత్తరం ఇలా మారుతుంది:

"మీరు నమోదు చేసిన నాలుగు పొలాల్లో మిర్చి ఉండగా ఈ-క్రాప్‌లో పత్తి అని పడింది. సర్వే నంబర్లు కింద ఇచ్చాను. ఇలాగే ఉంటే రేపు పంట నష్టపోయినా ఆ రైతులకు ఇన్‌పుట్ సబ్సిడీ అందడం కష్టం. మీరు వెళ్లిన రోజు అక్కడ ఏం జరిగిందో చెప్పండి. శుక్రవారం లోపు ఆ పొలాలు మళ్లీ చూసి, ఫొటోలతో వివరాలు నాకు పంపండి. లాగిన్‌లో ఇబ్బంది వస్తే ఆ రోజే ఫోన్ చేయండి."

ఇందులో తీపి మాట ఒక్కటీ లేదు, గమనించారా? మెత్తగా రాయడమంటే ముందో పొగడ్త, చివరో పొగడ్త పెట్టి మధ్యలో అసలు విషయం దాచడం కాదు. అలా రాస్తే కొత్తగా చేరినవాళ్లు పొగడ్తనే పట్టుకెళ్తారు. "కొన్ని పొరపాట్లు దొర్లాయి" అనడమూ అంతే. ఎవరు సరిదిద్దాలో అందులో ఉండదు.

నా దృష్టిలో ఆ ఉత్తరానికి ప్రాణం "ఏం జరిగిందో చెప్పండి" అన్న వాక్యమే. ఒకే సర్వే నంబరులో సగం పత్తి, సగం మిర్చి ఉండొచ్చు. పత్తి మొలక సరిగా రాక దున్నేసి మిర్చి నాటి ఉండొచ్చు. భూమి యజమాని ఒక పంట చెబితే కౌలు రైతు ఇంకొకటి వేసి ఉండొచ్చు. కారణాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది. జవాబు రాకముందే నిర్లక్ష్యమని తేల్చేస్తే ఇక అసలు కారణం బయటకు రాదు.

ఈ ఉత్తరాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందరికీ పనికొచ్చే సూచన ఉంటే, పేరు లేకుండా విడిగా పెట్టండి.

పొలానికి వెళ్లకుండానే వెళ్లినట్టు నమోదు చేశారని ఆధారం దొరికితే సంగతి వేరు. అది సలహాతో తీరేది కాదు. ఆరోపణ స్పష్టంగా రాసి, వివరణకు గడువిచ్చి, క్రమశిక్షణ నియమాల ప్రకారం నడవాలి. అక్కడా "బాధ్యత ఉందా" అన్న ప్రశ్నకు చోటు లేదు. ఏ తేదీ, ఏ పొలం, ఏ ఆధారం అన్నవే ఉండాలి.