బకుచియోల్: మంట తక్కువే, మరి పని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే పదార్థం గురించి అడిగాయి. వేములపల్లి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పాఠకుల ప్రశ్నలు వేర్వేరుగా ఉన్నా ఒకదాని జవాబు ఇంకొకరికి పనికొస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 39. వేములపల్లి మండలంలో టీచర్‌ని. మిర్యాలగూడ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చిపోతాను. బుగ్గల మీద మంగు, కళ్ల పక్కన సన్నని గీతలు వచ్చాయి. మందుల షాపులో రెటినాల్ క్రీము అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. దాని మీద ట్రెటినాయిన్ 0.05 శాతం అని ఉంది. రోజూ రాత్రి రాస్తే వారం తిరక్కుండానే ముఖం ఎర్రబడి, పొట్టు లేచి, మండింది. ఆపేశాక చూస్తే బుగ్గలు ఇంకా నల్లబడ్డాయి. మా ఆడపడుచు బకుచియోల్ వాడమంటోంది. రెటినాల్ చేసే పనంతా చేస్తుందట, మంట ఉండదట. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, వేములపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం. మీరు రాసింది రెటినాల్ కాదు. రెండూ విటమిన్ ‘ఎ’ కుటుంబానివే కానీ బలంలో చాలా తేడా ఉంది. రెటినాల్ రాసుకుంటే చర్మం దాన్ని రెండు మెట్లలో రెటినోయిక్ ఆమ్లంగా మార్చుకోవాలి. అలా మారిన కొద్ది భాగమే పనిచేస్తుంది. ట్రెటినాయిన్ అంటే ఆ రెటినోయిక్ ఆమ్లమే. డాక్టరు చెప్పకుండా, మొదటి రోజు నుంచే 0.05 శాతం ట్యూబును రోజూ రాస్తే చాలామంది ముఖాలు మీ ముఖంలాగే మండుతాయి. పైగా మన చామనఛాయ చర్మం మండిన చోట నల్లబడుతుంది. మీ బుగ్గల మీద కొత్తగా వచ్చిన నలుపులో కొంత ఆ మంట మిగిల్చిందే. అందుకే మనవాళ్లకు మంట తక్కువగా ఉండే మందు దొరకడం నిజంగానే ముఖ్యమైన విషయం.

ఇక మీ ఆడపడుచు చెప్పిన మాటలో రెండు వాదాలు ఉన్నాయి. మంట తక్కువ అనేది ఒకటి, పని సమానం అనేది రెండోది. రెండిటికీ ఆధారం ఒకే పాటి కాదు.

ఈ రెండిటికీ అందరూ చూపించేది ఒకే పరీక్ష. దాని ఫలితాలు 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చాయి. 44 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు 0.5 శాతం బకుచియోల్ క్రీమును రోజుకు రెండుసార్లు, రెండో జట్టు 0.5 శాతం రెటినాల్ క్రీమును రోజుకు ఒకసారి 12 వారాలు రాసుకున్నారు. ఎవరు ఏది రాస్తున్నారో తెలియని చర్మవైద్యుడు మార్పులను అంచనా వేశాడు. రెండు జట్లలోనూ ముడతలు, ఎండ తెచ్చిన నలుపు తగ్గాయి. జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పొట్టు లేవడం, చురచుర మాత్రం రెటినాల్ జట్టులో ఎక్కువ.

కాబట్టి మంట తక్కువ అన్న మాటను నమ్మొచ్చు. అక్కడ తేడా స్పష్టంగానే కనిపించింది. సమానం అన్న మాట దగ్గర ఆగాలి. 44 మందిలో తేడా కనిపించలేదంటే అసలు తేడా లేదని కాదు, అంత చిన్న గుంపులో చిన్నపాటి తేడా బయటపడదు. బకుచియోల్ రెండు పూటలా, రెటినాల్ ఒక్క పూటే రాశారన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. మందు కలపని ఉత్త క్రీము రాసుకున్న మూడో జట్టు అక్కడ లేదు. ఏ మంచి క్రీము రాసినా చర్మం తేమ పట్టి సన్నని గీతలు కొంత సర్దుకుంటాయి. తగ్గినదాంట్లో ఆ తేమ వాటా ఎంత, బకుచియోల్ వాటా ఎంత అన్నది ఈ పరీక్షను బట్టి చెప్పలేం.

రెటినాల్ మీద జరిగిన పరీక్ష ఒకటి పక్కన పెట్టి చూడండి. 2007లో అమెరికాలో సగటున 87 ఏళ్ల వయసున్న 36 మంది వృద్ధులకు ఒక చేతికి 0.4 శాతం రెటినాల్ లోషన్, రెండో చేతికి మందు లేని అదే లోషన్ 24 వారాలు రాశారు. మనిషి ఒక్కరే, లోషన్ ఒక్కటే, తేడా మందులోనే. ముడతలు మందు రాసిన చేతి మీద తగ్గాయి. ట్రెటినాయిన్‌కి ఇంతకన్నా బలమైన ఆధారం ఉంది. ఎండకు పాడైన చర్మానికి వాడే మందుగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1995లోనే దాన్ని అనుమతించింది. బకుచియోల్‌కి ఆ స్థాయి సాక్ష్యం ఇంకా రాలేదు.

మీరు చేయవలసింది ఇదీ. నెల రోజులు ఏ మందూ రాయకుండా మామూలు మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ మాత్రమే వాడి చర్మాన్ని కోలుకోనివ్వండి. తర్వాత 0.5 శాతం బకుచియోల్ మొదలుపెట్టవచ్చు. గీతలకు కొంత ఉపయోగపడుతుంది. మంగుకు మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ పరీక్షలో చూసింది ఎండ తెచ్చిన నలుపును, మంగును కాదు. స్కూటీ ప్రయాణంలో రోజూ ఎండ తగిలే ముఖానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్, మీద స్కార్ఫ్ లేకుండా ఏ మందూ మంగును అదుపులో పెట్టలేదు.

ప్రశ్న: బకుచియోల్ అంటే మన బావంచాలేనట కదా. మూలికల దుకాణంలో గింజలు, నూనె రెండూ దొరుకుతున్నాయి. సీరం సీసాకు వందలు పోసే బదులు ఆ నూనె రాసుకుంటే సరిపోదా? బొల్లికి మా నాయనమ్మ గింజలు నూరి పట్టించడం నాకు తెలుసు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వద్దమ్మా. ఈ నాలుగు ఉత్తరాల్లో ప్రమాదం ఉన్నది మీ ఆలోచనలోనే. బకుచియోల్ బావంచాల నుంచే వస్తుంది కానీ, గింజలో అదొక్కటే ఉండదు. సోరాలెన్ అనే పదార్థాలు కూడా ఉంటాయి. మీ నాయనమ్మ వైద్యానికి మూలం అవే. సోరాలెన్ చర్మంలో ఉండగా ఎండ తగిలితే ఎండలోని అతినీలలోహిత కిరణాల ప్రభావం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బొల్లి మచ్చలో రంగు కణాలను మేల్కొలపడానికి పనికొచ్చేది ఆ గుణమే. ఆసుపత్రిలో కూడా సోరాలెన్ ఇచ్చి, కొలిచిన మోతాదులో కిరణాలు పెడతారు. అక్కడ కూడా మోతాదు తప్పితే బొబ్బలు వస్తాయి.

మంగు, ముడతలు పోవాలని అదే నూనె ముఖానికి రాసుకుని వరికోతల ఎండలోకి వెళ్తే జరిగేది కూడా అదే. సాధారణంగా ఒకటి రెండు రోజులకు, నూనె రాసిన మేర వరకే ఎర్రబడి మండుతుంది, నీటి బొబ్బలు లేస్తాయి. అవి మానాక నెలల తరబడి పోని నల్ల చారలు మిగులుతాయి. ఎండ తగలని చోట ఏమీ కాకుండా, రాసి ఎండ తగిలిన చోటే కాలితే కారణం సోరాలెన్ అని అనుమానించాలి.

బకుచియోల్‌ని గింజలోని మిగతావాటి నుంచి వేరు చేసి, దాని నిర్మాణం ఏమిటో 1966లో ప్రకటించింది పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు. ఆ ముగ్గురిలో ఒకరైన గోవర్ధన్ మెహతా తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, ఉపకులపతిగా పనిచేశారు. బకుచియోల్ నిర్మాణానికీ విటమిన్ ‘ఎ’ నిర్మాణానికీ పోలిక లేదు. కానీ చర్మ కణాల్లో రెండూ కదిలించే జన్యువుల్లో చాలా వాటికి పోలిక ఉందని 2014లో ఒక పరిశోధన వచ్చింది. రెటినాల్‌కి బదులు అన్న పేరు అక్కడి నుంచే పుట్టింది. ఆ పనిలో బకుచియోల్ అమ్మే సంస్థ శాస్త్రవేత్తలే ఉన్నారన్నది మరవకూడదు.

సీరంలో వాడేది సోరాలెన్ తీసేసి శుద్ధి చేసిన బకుచియోల్. మీరు పెట్టే డబ్బు ఆ శుద్ధికే. సీసా వెనక పదార్థాల పట్టికలో ‘బకుచియోల్’ అని విడిగా ఉంటే కొనండి. ‘సోరాలియా కోరిలిఫోలియా’ గింజల నూనె లేదా సారం అని ఉంటే, ముందు పక్క ఏ పేరు రాసినా పక్కన పెట్టండి. అన్నట్టు, బావంచాల పొడి మింగిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంట్లో ఎవరైనా లోపలికి తీసుకుంటుంటే ఆపించండి.

ప్రశ్న: నాకు నాలుగో నెల. రెటినాల్ ఆపేయమని డాక్టరమ్మ చెప్పారు. గర్భిణులకు బకుచియోల్ పూర్తిగా సురక్షితం అని ప్రకటనల్లో చూస్తున్నాను. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: రెటినాల్ ఆపడం సరైన పని. కానీ బకుచియోల్ విటమిన్ ‘ఎ’ కుటుంబానిది కాదు కాబట్టి సురక్షితం అనడానికి, గర్భిణులలో పరీక్షించి సురక్షితమని తేల్చడానికి మధ్య చాలా దూరం ఉంది. ప్రకటన చెప్పేది మొదటిది. రెండోది జరగలేదు. ప్రయోగశాలలో బకుచియోల్ ఈస్ట్రోజెన్ లాంటి స్వభావం కొంత చూపింది. చర్మం మీద రాసిన కొద్దిపాటి మందు బిడ్డకు హాని చేస్తుందని దీని అర్థం కాదు. అయినా ముడతలు అయిదారు నెలలు ఆగగలవు కాబట్టి నా సలహా వద్దనే.

ఇంకో సంగతి. బకుచియోల్ సీసాల్లో కొన్నిటిలో రెటినాల్ గానీ, రెటినైల్ పాల్మిటేట్ గానీ కూడా కలుపుతారు. పట్టిక మొత్తం చదవకపోతే, మానేసిన మందునే మళ్లీ రాసుకున్నట్టవుతుంది. ఈ నెలల్లో మంగు, మొటిమలు ఇబ్బంది పెడితే అజెలాయిక్ ఆమ్లం క్రీము గురించి మీ డాక్టరమ్మను అడగండి. గర్భిణులకు చాలాకాలంగా ఇస్తున్న మందు అది. పగలు జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ చాలు. గర్భంతో వచ్చిన మంగు ప్రసవం తర్వాత చాలామందికి పలచబడుతుంది.

ప్రశ్న: నెలన్నరగా బకుచియోల్ సీరం రాస్తున్నాను, ఏ తేడా లేదు. సీసా మీద శాతం లేదు. మోసపోయానా? ఎన్నాళ్లు చూడాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: నెలన్నర చాలదు. మొదటి జవాబులో చెప్పిన పరీక్షలో తుది ఫలితం కొలిచింది 12 వారాలకు. అదీ రెండు పూటలా రాసిన వాళ్లలో. మీరు రాత్రి ఒక్కసారే రాస్తుంటే ఆ ఫలితాన్ని ఆశించలేరు.

శాతం లేకపోవడం అసలు లోపం. పట్టికలో పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు కానీ, ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని ఎలాగైనా పేర్చవచ్చు. 0.5 శాతం ఉండేది ఆ గుంపులోనే. అందుకే పేరు ఎక్కడుందో చూసి మోతాదు చెప్పలేం. ఈ సీసా అయిపోయాక 0.5 శాతం అని స్పష్టంగా రాసినదే కొనండి. రెండు శాతం ఉంటే నాలుగు రెట్లు పని చేస్తుందనుకోకండి, అలా చూపిన ఆధారం లేదు.

కొత్త సీసా ముఖానికి వాడే ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు వారం పది రోజులు రాయండి. అరుదుగానే అయినా బకుచియోల్ పడక అలర్జీ వచ్చినవాళ్లు ఉన్నారు. దురద, దద్దురు, పొక్కులు వస్తే ఆ మందు మీకు సరిపడదు. ఏమీ రాకపోతే ముఖానికి మొదలుపెట్టి, ఆ రోజే ఒక ఫోటో తీసుకోండి. 12 వారాల తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వేళకు, ఫ్లాష్ లేకుండా ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అద్దంలో రోజూ చూసుకునే కంటికి మార్పు తెలియదు, లేని మార్పు ఉన్నట్టూ అనిపిస్తుంది. రెండు ఫోటోల్లో తేడా కనిపించకపోతే డబ్బు ఆపేయండి. అప్పుడు సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గరున్న చర్మవైద్యుల దగ్గర గానీ చూపించుకుని, తక్కువ శాతం రెటినాల్‌ని వారానికి రెండు రాత్రులు మాయిశ్చరైజర్ మీద రాసే పద్ధతి మీకు కుదురుతుందేమో అడగండి. రెటినాల్ మంట అని మానేసిన చాలామందికి అలా నెమ్మదిగా మొదలుపెడితే పడుతుంది.