“ఏదో ఎర్రర్ వస్తోంది సర్” అని రాస్తే జవాబు ఎందుకు రాదు?

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నాను. హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. మూడు బ్రాంచీల నుంచి వచ్చే కస్టమర్ల ఫైళ్లను పైథాన్‌తో చదివి ఒక్కచోట చేర్చడం నా పని. విజయవాడ ఫైలు దగ్గర ఆగిపోయి మెంటర్‌కి “హాయ్ సర్” అని పెట్టాను. కాసేపటికి “బిజీగా ఉన్నారా సర్?” అన్నాను. తర్వాత “ఫైల్ రీడ్ అవ్వట్లేదు సర్, ఏదో ఎన్‌కోడింగ్ ఎర్రర్ వస్తోంది, అన్నీ ట్రై చేశాను, ఒకసారి చూస్తారా ప్లీజ్” అని రాశాను. సాయంత్రం “ఏ ఫైలు?” అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ ఎర్రర్ మీకు కింద ఇస్తున్నాను. నెట్‌లో చూసి latin-1 పెడితే ఎర్రర్ పోయింది, కానీ తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. మెంటర్‌కి ఎలా రాయాల్సింది?

```
UnicodeDecodeError: 'utf-8' codec can't decode byte 0x92 in position 4127: invalid start byte
```

జవాబు: latin-1 పెడితే ఎర్రర్ పోయి పేర్లు ప్రశ్నార్థకాలయ్యాయన్న సంగతి నాకు రాశారు గానీ మెంటర్‌కి రాయలేదు. అసలు సమస్య అక్కడే ఉంది. ఎర్రర్ పోయింది కాబట్టి ఇప్పుడు మీ ఇబ్బంది ఎర్రర్ కాదు, పేర్లు పోవడం. “ఎన్‌కోడింగ్ ఎర్రర్” అని మాత్రమే చదివిన మెంటర్ తీరిక చేసుకుని ఆ ఒక్క ఎర్రర్‌కే మందు చెబుతారు. అది మీరు ఇప్పటికే వేసి చూసిన మందే అవుతుంది.

రాయడానికి ముందు ఒక్కటి తేల్చుకోండి. పేర్లు ఫైల్లోనే లేవా, ఉన్నా మీ ప్రోగ్రాం చదవలేకపోతోందా? ఫైలును బైట్లుగా తెరిస్తే తెలిసిపోతుంది. చదివే ముక్కలో కనీసం ఒక తెలుగు పేరు ఉండాల్సిన చోటు పడేలా చూసుకోండి.

```python
print(open("customers_vja.csv", "rb").read(500))
```

UTF-8లో తెలుగు అక్షరాలు \xe0\xb0 తోనో \xe0\xb1 తోనో మొదలవుతాయి. అవి కనిపిస్తే పేర్లు ఫైల్లో ఉన్నట్టే. పేరు ఉండాల్సిన చోట ఉత్త ? గుర్తులే ఉంటే పేర్లు ఫైలు సేవ్ చేసినప్పుడే పోయాయి, ఏ కోడ్ రాసినా తిరిగి రావు. మీ ఎర్రర్‌లోని 0x92 చూస్తే ఈ రెండోదే జరిగి ఉంటుందనిపిస్తోంది. విండోస్ వాడే cp1252 పద్ధతిలో అది వంపు తిరిగిన అపాస్ట్రఫీ గుర్తు. ఎక్సెల్‌లో మామూలు CSVగా సేవ్ చేస్తే ఫైలు సాధారణంగా ఆ పద్ధతిలోనే వస్తుంది. అందులో తెలుగుకు చోటు లేదు కాబట్టి ప్రతి అక్షరం ప్రశ్నార్థకంగా మారిపోతుంది.

latin-1 గురించి కూడా ఒక మాట. అది ఏ బైటు ఇచ్చినా ఎర్రర్ చెప్పకుండా చదివేస్తుంది, 0x92ను కూడా కంటికి కనిపించని ఏదో గుర్తుగా మార్చి ఊరుకుంటుంది. ఎర్రర్ రాలేదంటే సరిగ్గా చదివిందనుకోవద్దు. ఇక్కడ పెట్టాల్సింది cp1252.

ఇవన్నీ చూసుకున్నాక మెసేజ్ ఇలా ఉండొచ్చు:

“సర్, విజయవాడ బ్రాంచి ఫైలు (customers_vja.csv) విషయంలో మీ నిర్ణయం కావాలి. మిగతా రెండు ఫైళ్లు సరిగా లోడ్ అయ్యాయి. దీనికి మొదట UnicodeDecodeError వచ్చింది, పూర్తి ఎర్రర్ కింద పెట్టాను. encoding="cp1252" ఇస్తే ఇంగ్లిష్ వివరాలు సరిగా వస్తున్నాయి, తెలుగు పేర్ల కాలమ్‌లో మాత్రం ప్రశ్నార్థకాలే ఉన్నాయి. బైట్లు చూశాను, ఫైల్లోనే ? గుర్తులున్నాయి. కాబట్టి పేర్లు సేవ్ చేసినప్పుడే పోయాయని అనుకుంటున్నాను. ఎక్సెల్‌లో CSV UTF-8గా మళ్లీ సేవ్ చేసి పంపమని బ్రాంచి వాళ్లను అడగమంటారా, ఇంగ్లిష్ పేర్లతో ముందుకు వెళ్లమంటారా? అడగాలంటే ఎవరికి రాయాలో చెప్పండి. రేపు మధ్యాహ్నంలోపు తెలిస్తే శుక్రవారం డెమోకి అందుతుంది. ఈలోగా ఫోన్ నంబర్ల పని చూస్తుంటాను.”

మొదటి వాక్యం చదవగానే మీకు కావలసింది నిర్ణయమని ఆయనకు తెలుస్తుంది. “అన్నీ ట్రై చేశాను” అన్నచోట ఏం చేశారో, దానివల్ల ఏం తేలిందో వచ్చింది. “అనుకుంటున్నాను” అన్న మాటను నేను కావాలనే ఉంచాను. కళ్లతో చూసిన సంగతికీ మీ ఊహకూ తేడా కనపడాలి. అప్పుడు మీ ఊహ తప్పయితే ఆయన అక్కడే సరిదిద్దుతారు. చివర్లో రెండు దారులు చూపించారు కాబట్టి మీటింగ్‌లో కూర్చుని కూడా ఒక్క వాక్యంలో జవాబివ్వగలరు.

ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్ తీయకుండా అక్షరాలుగానే అంటించండి. ఆయన దాన్ని కాపీ చేసి వెతుక్కోగలగాలి. డేటా చూపించాల్సి వస్తే కస్టమర్ల పేర్లు, నంబర్లు చెరిపేసి రెండు వరుసలు పెట్టండి. చాట్‌లో పెట్టిన నంబరు ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు.

ప్రశ్న: రోజూ సాయంత్రం అప్‌డేట్ పంపమన్నారు. “ఇవాళ ఫోన్ నంబర్ల క్లీనింగ్ చేశాను సర్, ఆల్మోస్ట్ అయిపోయింది, రేపు కంటిన్యూ చేస్తాను” అని పంపితే “దీన్నిబట్టి నాకేం తెలిసింది?” అని అడిగారు. పని నిజంగానే చేశాను, బాధేసింది.

జవాబు: మీరు పని చేయలేదని ఆయన అనలేదు. ఆ అప్‌డేట్‌తో ఆయన చేయగలిగింది ఏమీ లేదు, అంతే. మీ మెంటర్ కూడా తన మేనేజర్‌కి చెప్పుకోవాలి. “ఆల్మోస్ట్” అన్న మాటను ఆయన పైకి చెప్పలేరు. మిగిలిన కొంచెంలో రెండు గంటల పని ఉందో, తేలని చిక్కు ఉందో అందులో కనపడదు.

లెక్క రాయండి, మిగిలినదాన్ని విడదీయండి. ఉదాహరణకు మీ పట్టికలో 12,400 నంబర్లున్నాయనుకుందాం:

“ఫోన్ నంబర్లు: 12,400లో 11,960 పది అంకెలకు సరిచేశాను (+91, ముందున్న 0 తీసేశాను). మిగిలిన 440లో 310 వరుసల్లో నంబరే లేదు, వాటిని ఖాళీగా వదిలాను. 130 నంబర్లు ఎక్సెల్‌లో 9.19E+11 లాగా మారి వచ్చాయి, చివరి అంకెలు పోయాయి. ఇవన్నీ విజయవాడ ఫైల్లోవే, మళ్లీ తెప్పిస్తేనే దొరుకుతాయి. రేపు: డూప్లికేట్ల తొలగింపు మొదలుపెడతాను. ఆగినది: విజయవాడ ఫైలు, మీ జవాబు కోసం చూస్తున్నాను.”

విడదీయడం వల్ల ఏం బయటపడిందో చూడండి. ఆ 130 నంబర్లు ఇక మీ పని కాదు. 91తో కలిపి 12 అంకెలున్న నంబరును ఎక్సెల్ ఆ రూపంలోకి కుదించి చూపిస్తుంది, CSVగా సేవ్ చేస్తే తెరమీద కనపడిందే ఫైల్లోకి పోతుంది. అంటే బ్రాంచి వాళ్లను తెలుగు పేర్ల కోసం అడిగేటప్పుడే, ఫోన్ కాలమ్‌ను దశాంశాలు లేని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చి నంబర్లు పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకుని సేవ్ చేయమని కూడా అడగాలి. “ఆల్మోస్ట్” అని సరిపెట్టుకుని ఉంటే వాళ్లను రెండుసార్లు ఇబ్బంది పెట్టేవారు.

రోజంతా కూర్చున్నా ఏమీ తేలకపోతే అదే రాయండి. “ఇవాళ ముందుకు జరగలేదు, ఫలానా రెండూ కారణం కాదని తేలింది” అన్నది కూడా పూర్తి అప్‌డేటే. గడువు దాటేలా ఉంటే ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా, అనుమానం వచ్చిన సాయంత్రమే చెప్పండి.

ప్రశ్న: ఎంతసేపు సొంతంగా ప్రయత్నించి అడగాలి? టీమ్‌లో అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటారు, నేను “సర్” అనడం తప్పా?

జవాబు: తప్పేమీ కాదు. వాళ్లే పేరుతో పిలవమంటే మానేయండి. పిలుపుకన్నా, “హాయ్ సర్” అని పెట్టి జవాబుకోసం ఆగడం మానుకోవడం ముఖ్యం. పలకరింపు, ప్రశ్న ఒకే మెసేజ్‌లో వెళ్లాలి.

ఎంతసేపు అన్నదానికి గడియారం చూడకండి. కొత్తగా ఏదైనా తెలుస్తున్నంతసేపు ప్రయత్నించండి. చేసిందే మళ్లీ చేస్తున్నట్టు అనిపించగానే అడగండి. పాస్‌వర్డ్, యాక్సెస్, ఎవరికి రాయాలి అన్నవి మాత్రం మీరు ఎంత తవ్వినా దొరకవు, వాటిని వెంటనే అడిగేయండి.