రెండు భాషల ఒప్పందంలో ఏ ప్రతి చెల్లుతుంది?

ప్రశ్న: ఒప్పందం తెలుగులో, ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ‘ఏ ప్రతి చెల్లుతుంది’ అన్న షరతును ఎలా అనువదించాలి?

జవాబు: ఈ షరతు రెండు ప్రతుల్లోనూ ఒకే భాషను చూపాలి. ఇంగ్లిష్‌లో ‘తేడా వస్తే ఈ ప్రతే చెల్లుతుంది’ అని ఉంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ‘ఈ ప్రతి’ తెలుగు ప్రతి అయిపోతుంది. ఎవరి కాగితం వారినే గెలిపిస్తుంది. అందుకే ‘ఇంగ్లిష్ ప్రతి’ అని భాష పేరుతోనే రాయాలి. ‘తేడా వస్తే’ అన్న మాట జారిపోతే తెలుగు ప్రతికి అసలు విలువే లేదన్న వాదనకు చోటిచ్చినట్టే.

రెండూ సమానమని రాసుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది, కానీ తగువు తీర్చే దారి ఒప్పందంలో మిగలదు. 1889లో ఇటలీ, ఇథియోపియా కుదుర్చుకున్న వుచాలే ఒడంబడికలో 19వ అధికరణం అమ్హారిక్, ఇటాలియన్ పాఠాలు రెండింటికీ సమాన ప్రామాణ్యం ఇచ్చింది. 17వ అధికరణం అమ్హారిక్ పాఠం ప్రకారం, విదేశీ వ్యవహారాల్లో ఇథియోపియా చక్రవర్తి ఇటలీ సాయం తీసుకోవచ్చు. ఇటాలియన్ పాఠాన్ని పట్టుకుని ఇటలీ అది తప్పనిసరి అంది, ఇథియోపియా తన రక్షణలోని రాజ్యమని ప్రకటించుకుంది. చక్రవర్తి మెనెలిక్ 1893లో ఒడంబడికను తోసిపుచ్చాడు. 1896లో అద్వా యుద్ధంలో ఇటలీ ఓడిన తర్వాతే, ఆ ఏటి అడిస్ అబాబా సంధితో అది రద్దయింది.