సున్నా దాటితేనే గుర్తు మారుతుంది
(వర్గ అసమీకరణాలు – గుర్తుల పట్టిక)

ఇంటర్ రెండో సంవత్సరం గణితం 2ఎలో ‘వర్గ సమాసాలు’ అధ్యాయం చదివే తమ్ముళ్లకు మూలాలు కనుక్కోవడం బాగానే వస్తుంది. వర్గ సమీకరణం ఇస్తే నిమిషంలో చేసేస్తారు. అదే లెక్కలో ‘=’ తీసేసి ‘>’ పెడితే మాత్రం చేయి ఆగిపోతుంది. స్టడీ అవర్‌లో నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఎక్కువసార్లు కనబడే తప్పు ఇది:

x² − x − 12 > 0
(x − 4)(x + 3) > 0
కాబట్టి x > 4, x > −3

మొదటి రెండు వరుసలు సరైనవే. మూడో వరుస సమీకరణం అలవాటుతో రాసింది. లబ్ధం సున్నా అయితే రెండు కారణాంకాల్లో ఏదో ఒకటి సున్నా అని విడగొట్టవచ్చు. లబ్ధం ధనాత్మకం అయినంత మాత్రాన ఒక్కో కారణాంకమూ ధనాత్మకం కానక్కరలేదు. అనుమానముంటే సంఖ్యలు వేసి చూడండి. x = 0 అనుకుంటే అది −3 కంటే పెద్దదే, కానీ సమాసం విలువ −12 వచ్చింది. x = −5 వేస్తే 25 + 5 − 12 = 18, ధనాత్మకం. అంటే పై జవాబు పనికిరాని సంఖ్యను లోపలికి రానిచ్చి, పనికొచ్చే సంఖ్యను బయట నిలబెట్టింది.

మన భాషలో ప్లస్, మైనస్‌లకు ధనం, రుణం అని పేర్లు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రహ్మస్ఫుటసిద్ధాంతం’లో ఈ మాటలతోనే గుణకార నియమాలు చెప్పాడు. రెండు అప్పుల లబ్ధం ఆస్తి, అప్పుకూ ఆస్తికీ లబ్ధం అప్పు. గుర్తుల పట్టికకు ఇంతకంటే పెద్ద సూత్రం అక్కర్లేదు. ఏ కారణాంకం ఎక్కడ ఆస్తి, ఎక్కడ అప్పు అని రాసుకోవడమే పని.

సంఖ్యారేఖ గీసి మూలాలు −3, 4 గుర్తు పెట్టండి. రేఖ మూడు ముక్కలవుతుంది. x − 4 అనేది 4 దాటాకే ధనం. x + 3 అనేది −3 దాటగానే ధనం.

```
                −3         4
x − 4      −     |    −    |    +
x + 3      −     |    +    |    +
లబ్ధం      +     |    −    |    +
```

మనకు కావలసింది సున్నా కంటే ఎక్కువ, అంటే + ఉన్న ముక్కలు. జవాబు x < −3 లేదా x > 4. ఇక్కడ ‘లేదా’ అన్న మాటే రాయాలి. ‘మరియు’ అని రాస్తే −3 కంటే చిన్నదీ 4 కంటే పెద్దదీ ఒకే సంఖ్య కావాలని అర్థం వస్తుంది. అలాంటి సంఖ్య లేదు.

ఒక ముక్క అంతటా ఒకే గుర్తు ఎందుకుంటుంది, మధ్యలో ఎక్కడో మారకూడదా అని ఎవరైనా అడిగితే మంచి ప్రశ్నే. అల్వాల్‌లో రైలు పట్టాలకు ఇవతల ఉన్నవాడు అవతలికి చేరాలంటే పట్టాలు దాటాల్సిందే కదా. ఇక్కడ పట్టాలు అంటే సున్నా. x కొంచెం కొంచెంగా మారుతుంటే వర్గ సమాసం విలువ కూడా కొంచెం కొంచెంగానే మారుతుంది, ఎగిరి దూకదు. కనుక రుణం నుంచి ధనానికి వెళ్లాలంటే సున్నా మీదుగానే వెళ్లాలి. సున్నా అయ్యేది మూలాల దగ్గర మాత్రమే. అందుకే ప్రతి ముక్కలో మనకిష్టమైన ఒక్క సంఖ్య వేసి చూసినా ఆ ముక్క మొత్తం గుర్తు తెలిసిపోతుంది. పై లెక్కలో మధ్య ముక్కకు x = 0 చాలు.

ఇప్పుడు ఒక పూర్తి లెక్క చేద్దాం. హాస్టల్ వెనక కాంపౌండ్ గోడను ఆనించి కూరగాయల మడి వేయాలనుకుందాం. మన దగ్గర 20 మీటర్ల ముళ్లతీగ ఉంది. ఒకవైపు గోడ ఉంది కాబట్టి మిగతా మూడు వైపులా చుడితే చాలు. గోడ నుంచి ముందుకు వచ్చే వెడల్పు x మీటర్లు అయితే, గోడకు ఎదురు పొడవు 20 − 2x. మడి కనీసం 48 చదరపు మీటర్లు ఉండాలి.

x(20 − 2x) ≥ 48
−2x² + 20x − 48 ≥ 0

x² ముందు మైనస్ ఉంటే పట్టిక వేసేటప్పుడు తికమక పడతాం. అందుకే −2తో భాగిద్దాం. రుణ సంఖ్యతో భాగించగానే అసమానత గుర్తు తిరగబడుతుందని మరవకూడదు.

x² − 10x + 24 ≤ 0
(x − 4)(x − 6) ≤ 0

మూలాలు 4, 6. ముక్కల గుర్తులు వరుసగా +, −, +. ఇప్పుడు కావలసింది రుణం లేదా సున్నా, కాబట్టి 4 ≤ x ≤ 6. ‘≤’ ఉంది కనుక చివరి సంఖ్యలు కూడా జవాబులో చేరతాయి. వెడల్పు 4 అయితే పొడవు 12, వైశాల్యం 48. వెడల్పు 5 అయితే 50. వెడల్పు 7 అయితే 42 మాత్రమే. గుర్తు తిప్పడం మరిచినవాడికి x ≤ 4 లేదా x ≥ 6 వస్తుంది. అతని లెక్క ప్రకారం వెడల్పు సున్నా ఉన్నా మడి 48 చదరపు మీటర్లు ఉంటుంది! జవాబులోంచి ఒక సంఖ్య తీసి మొదటి వరుసలో వేస్తే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

అదే తీగతో వార్డెన్ సారు కనీసం 50 చదరపు మీటర్లు కావాలన్నారనుకోండి. అప్పుడు x² − 10x + 25 ≤ 0, అంటే (x − 5)² ≤ 0. మూలం ఒక్కటే, 5. ఇక్కడ +, −, + అని అలవాటుగా రాసేవాళ్లు దెబ్బతింటారు. వర్గం ఎప్పుడూ రుణం కాదు కనుక రెండు ముక్కల్లోనూ + గుర్తే. సమాసం పట్టాల దాకా వచ్చి, దాటకుండా వెనక్కి తిరిగిందన్నమాట. జవాబు x = 5 ఒక్కటే.

60 కావాలంటే? x² − 10x + 30 ≤ 0. విచక్షణి 100 − 120 = −20. వాస్తవ మూలాలు లేవు, కాబట్టి సంఖ్యారేఖ మీద పెట్టడానికి గుర్తే లేదు, మొత్తం ఒకే ముక్క. x = 0 వేస్తే 30, కాబట్టి అంతటా +. కావలసిన రుణం ఎక్కడా దొరకదు. సాధన లేదు అని రాయాలి, ఖాళీగా వదిలేయకూడదు. ఆ తీగతో 60 చదరపు మీటర్ల దీర్ఘచతురస్రపు మడి రాదని లెక్కే చెబుతోంది.

ఇక 45 అడిగితే కారణాంకాలు తేలిగ్గా రావు. x² − 10x + 22.5 ≤ 0కు సూత్రంతో మూలాలు 5 − √2.5, 5 + √2.5 వస్తాయి. అంటే సుమారు 3.419, 6.581. పరీక్షలో √2.5 అలాగే ఉంచేయండి. కొలిచి గుంజలు పాతేవాడు మాత్రం దశాంశంలోకి మార్చక తప్పదు. 3.419 ని 3.4 చేద్దామనిపిస్తుంది, కానీ 3.4 × 13.2 = 44.88, అంటే 45 కంటే తక్కువ. 3.4 మూలానికి అవతల, + ముక్కలో పడింది. అందుకే ఎడమ మూలాన్ని పైకి, కుడి మూలాన్ని కిందికి సవరించాలి. 3.42 నుంచి 6.58 వరకు తీసుకుంటే రెండు చివర్లూ 45కు కాస్త పైనే ఉంటాయి.

తీగ 24 మీటర్లు ఉండి కనీసం 64 చదరపు మీటర్లు కావాలంటే x ఎంతెంత ఉండవచ్చో ఈ ఆదివారం చేసి చూడండి. 4 నుంచి 8 వరకు రావాలి. వేరే ఏదైనా వస్తే ముందుగా −2తో భాగించిన వరుస చూసుకోండి.