రంగు కొనే ముందు గోడ లెక్క

ఇంటికి రంగు వేయించే పనిలో మొదటి అంకె గోడల విస్తీర్ణం. చాలామంది దాని బదులు ఫ్లాటు విస్తీర్ణంతో మాట మొదలుపెడతారు. అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో ఒక ఫ్లాటు వెయ్యి చదరపు అడుగులు అంటే, అందులో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కూడా కలిసి ఉండవచ్చు. పైగా అది నేల కొలత. రంగు పడేది గోడల మీద. నేల కొలతను మూడుతోనో మూడున్నరతోనో హెచ్చించి గోడల కొలత చెప్పేసే అలవాటు ఉంది. అది ఉజ్జాయింపు మాత్రమే. గది ఎంత చిన్నదైతే, నేలతో పోలిస్తే గోడ అంత ఎక్కువ.

కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు పేరుపడ్డ అమీర్‌పేటలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు చుట్టుకొలత 64 అడుగులు. అంటే గోడలు 640 చదరపు అడుగులు. అదే హాలుకు మధ్యలో అడ్డగోడ కట్టి రెండు గదులు చేస్తే గోడలు 880 అవుతాయి. నేల పెరగలేదు. అడ్డగోడకు అటూ ఇటూ ఉన్న రెండు ముఖాలే 240 చదరపు అడుగులు కలిపాయి. హాలు పాత బిల్లు చూపించి రెండు గదుల పని అడిగితే మేస్త్రీతో పేచీ తప్పదు. ఆ పేచీలో న్యాయం మేస్త్రీ వైపే ఉంటుంది.

లెక్క వరుస ఒక గదితో తేలిగ్గా అర్థమవుతుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పడకగదిని తీసుకుందాం. పొడవు, వెడల్పు కలిపి రెట్టింపు చేస్తే చుట్టుకొలత 44 అడుగులు. దాన్ని ఎత్తుతో హెచ్చిస్తే 440 చదరపు అడుగులు. ఇది తీసివేతలకు ముందున్న మొత్తం. సీలింగు 120 చదరపు అడుగులు. దానికి వాడే రంగు వేరు కాబట్టి ఆ లెక్క విడిగా రాసుకోవాలి.

ఇక రంగు పడని చోట్లు తీసేయాలి. గది తలుపు 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంటే 21. బాత్రూం తలుపు రెండున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంటే 17.5. కిటికీ 4 అడుగులకు 4 అడుగులు, అంటే 16. గోడలో అమర్చిన కప్‌బోర్డు, లోపల కూడా లామినేట్ వేసి ఉంటే, 5 అడుగులకు 7 అడుగులు, అంటే 35. అన్నీ కలిపి 89.5. తలుపును కొలిచేటప్పుడు రెక్కను మాత్రమే కొలిస్తే చాలదు. ఫ్రేము బయటి అంచు నుంచి బయటి అంచు వరకు టేపు పట్టాలి, ఎందుకంటే ఫ్రేము మీద గోడ రంగు పడదు.

తీసివేత తర్వాత చిన్న కూడిక ఒకటి ఉంది. కిటికీ ఫ్రేము గోడ అంచు కంటే లోపలికి ఉంటే, మధ్యలో మడత తిరిగిన భాగానికీ రంగు వేయాలి. కింద గ్రానైటు పలక ఉంటే మిగిలేవి మూడు వైపులు. ఒక్కోటి 4 అడుగుల పొడవు, 4 అంగుళాల లోతు అనుకుంటే మొత్తం 4 చదరపు అడుగులు. అలా 440లో 89.5 తీసి, 4 కలిపితే 354.5 చదరపు అడుగులు మిగులుతాయి. మొదటి మొత్తంలో దాదాపు ఐదో వంతు తగ్గింది.

ఈ అంకెను లీటర్లలోకి మార్చాలంటే డబ్బా మీద రాసిన కవరేజీ చూడాలి. ఉదాహరణకు ఒక లీటరు ఒక కోటుకు 120 నుంచి 140 చదరపు అడుగులకు వస్తుందని రాసి ఉందనుకుందాం. పై అంకె లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టిన నునుపు గోడకు దక్కేది. లెక్కకు కింది అంకెనే పట్టుకోవాలి. రెండు కోట్లకు 354.5ను రెట్టింపు చేస్తే 709. దాన్ని 120తో భాగిస్తే 5.9 లీటర్లు. రోలరుకు, ట్రేకు అంటుకుపోయేదానికి నూటికి ఐదు వంతులు కలిపితే 6.2. దుకాణంలో 4 లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బాలు మూడు తీసుకుంటే సరిపోతుంది. మిగిలే ముప్పావు లీటరు తర్వాత మరకలు పడ్డచోట పూయడానికి పనికొస్తుంది. తీసివేతలు చేయకపోతే లెక్క 7.7 లీటర్లకు చేరి, 4 లీటర్ల డబ్బాలు రెండు కొనాల్సి వచ్చేది.

ఇక్కడ పెద్ద పొరపాటు కోట్ల దగ్గర జరుగుతుంది. డబ్బా మీది అంకె ఒక కోటుదా, రెండు కోట్లదా అని చూడకుండా భాగిస్తే ఈ గదికి 3 లీటర్లు చాలనిపిస్తుంది. మొదటి కోటు పూర్తయ్యేసరికే రంగు దాదాపు అయిపోతుంది. అప్పుడు మళ్లీ కలిపించి తెచ్చిన రంగు ఛాయ పాతదానితో కలవకపోవచ్చు. అందుకే ఒక గదికి కావలసినదంతా ఒకేసారి కలిపించుకోవాలి. రెండో పొరపాటు నీళ్ల దగ్గర. కవరేజీ లెక్క నీళ్లు కలపని రంగుకు చెప్పేది. నీళ్లు ఎక్కువ పోసి సాగదీస్తే పైకి గోడ నిండినట్టే ఉంటుంది. ఆరాక అడుగు రంగు మచ్చలుగా బయటపడుతుంది. గరుకు గోడ, ముదురు రంగు మీద లేత రంగు వేయాల్సిన గోడ ఇంకా ఎక్కువ తాగుతాయి. అక్కడ మూడో కోటు తప్పకపోవచ్చు. అనుమానం ఉంటే ముందు లీటరు రంగు వాడి చూసి, ఎన్ని అడుగులు వచ్చిందో టేపుతో కొలవాలి. ఆ గోడకు నిజమైన కవరేజీ అదే.

రంగు కొనే లెక్క వేరు, కూలి కట్టే లెక్క వేరు. ఈ గదికి చదరపు అడుగుకు 15 రూపాయలు కూలి అనుకుంటే, తీసివేతల వల్ల సుమారు 1,280 రూపాయల తేడా వస్తుంది. అయితే తలుపుల అంచుల దగ్గర చెయ్యి నెమ్మదిగా నడవాలి, ఫ్రేములకు కాగితం అంటించాలి. ఆ శ్రమ కోసమే చాలామంది మేస్త్రీలు ఖాళీలను తీసివేయరు. నిర్మాణ పనుల కొలతలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1200 మధ్యేమార్గం చూపింది. అర చదరపు మీటరు, అంటే 5.4 చదరపు అడుగుల లోపు ఖాళీలకు తీసివేత లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల, అంటే దాదాపు 32 చదరపు అడుగుల వరకు ఉన్న వాటికి, గోడ రెండు వైపులా ఒకే పని జరిగితే, ఒక వైపే తీసివేస్తారు. బదులుగా అంచుల మడతలను కలపరు. అంతకు మించితే రెండు వైపులా తీసేసి, మడతలను కలుపుతారు.

ఈ పద్ధతిలో ఇంటివారి మాటకూ పనివారి మాటకూ చోటుంది. ఏ పద్ధతి పాటించాలో పని మొదలుకాక ముందే తేల్చుకున్నవారు బిల్లు రోజున గొంతు పెంచనక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద యజమాని ఎంత పట్టుకోవాలన్న ప్రశ్నకూ ఈ లెక్క రాసుకున్న కాగితమే జవాబు చెబుతుంది. మొత్తం గోడ, తీసివేతలు, కోట్ల సంఖ్య, పట్టుకున్న కవరేజీ, ఈ నాలుగూ రాసి ఇద్దరూ చూసుకున్న తర్వాతే ధర మాట్లాడండి.