ఈ పిలుపు ఎవరికి?

ప్రశ్న: "పట్నం వారానికి రాండ్రి, గొల్లభామ చీరలు అగ్గువకు ఉన్నయ్" అని పక్క దుకాణం వాళ్లు వాట్సాప్‌లో పెట్టారు. ఎవరిని పిలుస్తున్నట్టు?
– చీరల వ్యాపారి, సిద్దిపేట

జవాబు: 'రాండ్రి' చూసి ఊరివాళ్లకేనని తేల్చేయకండి. సినిమాల పుణ్యమా అని ఆ యాస ఇప్పుడు అందరూ వాడుతున్నారు. వివరించకుండా వదిలేసిన మాటను పట్టుకోండి. సంక్రాంతి తర్వాతి మొదటి ఆదివారం హైదరాబాద్ భక్తులు కొమురవెల్లికి తరలివస్తారు. అదే పట్నం వారమని మల్లన్న భక్తులకు చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్ల కోసమైతే తేదీ వేసేవారు. ఇక 'అగ్గువ' ధర చూసి కొనేవాళ్లకు. చేనేత అభిమానులకైతే మగ్గం, నేత బొమ్మ ముందుకొచ్చేవి. కాబట్టి ఇది జాతరకొచ్చే కుటుంబాలకే అనుకోవచ్చు.

సరిచూసుకోవాలంటే ఒక మల్లన్న భక్తుడితోనూ, జాతర తెలియని ఒకరితోనూ విడివిడిగా చదివించి, ఎప్పుడు రావాలో అడగండి. ఇద్దరూ చెప్పగలిగితే నా అంచనా తప్పు. మీ ప్రకటనకు పెద్ద ఖర్చు పెట్టేటట్టయితే మాత్రం ప్రకటనలు రాసేవారిని నేరుగా కలవండి.